స్నాఫూ: బ్యారక్‌లో పుట్టి నిఘంటువుకెక్కిన మాట

1941 సెప్టెంబరులో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో దాదాపు 4 లక్షల మంది సైనికులు రెండు పక్షాలుగా చీలి ఉత్తుత్తి యుద్ధం చేశారు. అప్పటికి అమెరికా ఇంకా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగలేదు. దిగక తప్పదని మాత్రం సైన్యాధికారులకు అర్థమైపోయింది. 1940 మధ్యలో 3 లక్షల మంది కూడా లేని సైన్యాన్ని ఆదరాబాదరాగా పెంచుతున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. పొలం పనుల నుంచి, దుకాణాల నుంచి, కళాశాలల నుంచి లక్షల మంది కుర్రాళ్లు శిబిరాలకు చేరారు. మనుషులైతే వచ్చారు గానీ వాళ్లకు ఇవ్వడానికి ఆయుధాలు లేవు. విన్యాసాల్లో కొన్ని లారీలకు ‘ట్యాంకు’ అని రాసిన అట్టలు కట్టి, వాటినే ట్యాంకులు అనుకోమన్నారు. పొయ్యి గొట్టాలు ఫిరంగుల పాత్ర పోషించాయి.

అదే నెలలో, మాటల పుట్టుపూర్వోత్తరాల మీద పాఠకులు ప్రశ్నలు పంపితే జవాబులు వేసే ‘అమెరికన్ నోట్స్ అండ్ క్వెరీస్’ అనే చిన్న పత్రిక సైనికుల నోట నలుగుతున్న ఒక కొత్త మాటను అచ్చు వేసింది. ఆ మాట ‘స్నాఫూ’. ఇంగ్లిష్ మాటల పుట్టుక తేదీలను వెతికి పట్టుకునే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దీనికి చూపే తొలి రాత ఆధారం ఇదే. సైనికులు అంతకు ముందు నుంచే దాన్ని అనుకుంటూ ఉండాలి. నోటి మాట కాగితం ఎక్కడానికి ఎప్పుడూ కొంత కాలం పడుతుంది. లూసియానా విన్యాసాలే ఈ మాటకు పుట్టిల్లని చెప్పలేం. అది పుట్టిన వాతావరణం ఎలాంటిదో మాత్రం ఆ అట్ట ట్యాంకులే చెబుతాయి.

స్నాఫూ అంటే ఐదు ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలు. ‘సిచువేషన్ నార్మల్: ఆల్ ఫౌల్డ్ అప్’ అని మర్యాదస్తులు విడదీస్తారు. సైనికులు విడదీసినప్పుడు నాలుగో మాట ‘ఫౌల్డ్’ కాదు, అదే అక్షరంతో మొదలయ్యే పచ్చి బూతు. తెలుగులో దాని సారం ఇలా ఉంటుంది: ‘పరిస్థితి మామూలే: అంతా సర్వనాశనం.’

ఈ వాక్యంలోని విసురు అంతా దాని మొదటి సగంలో ఉంది. ‘పరిస్థితి మామూలే’ అన్నది సైన్యంలో రోజూ పై అధికారులకు పంపే నివేదికల భాష. ముందు వరుసలో ఉన్న దళం వెనక ఉన్న కార్యాలయానికి వర్తమానం పంపేటప్పుడు, చెప్పుకోదగ్గ మార్పేమీ లేకపోతే ఇలాంటి రెండు మాటలతో సరిపెడుతుంది. సైనికుడు ఆ నివేదిక భాషను యథాతథంగా తీసుకుని, దాని పక్కన నిజం పెట్టాడు. బూట్లు అందలేదు, బియ్యం బదులు బోల్టులు వచ్చాయి, ఉత్తరాన ఉండాల్సిన దళం దక్షిణాన తేలింది. ఇవేవీ ఆ రోజు జరిగిన ప్రత్యేక ప్రమాదాలు కావు. సైన్యం రోజూ ఉండే తీరే అది. కాబట్టి ‘మామూలే’ అన్నది అబద్ధం కాదు, అక్షరాలా నిజం. అంత పెద్ద యంత్రాంగంలో చిక్కుకుని, ఎదురు మాట్లాడే హక్కు లేని మనిషి చెప్పగలిగిన అతి కచ్చితమైన ఫిర్యాదు ఇది.

ఈ ఫిర్యాదు పొడి అక్షరాల రూపంలోనే రావడానికి కారణం ఉంది. 1930లలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కోవడానికి ఒకదాని వెంట ఒకటి సంస్థలు పెట్టాడు. ఎన్ఆర్ఏ, సీసీసీ, టీవీఏ, డబ్ల్యూపీఏ అంటూ వాటి పేర్లన్నీ అక్షరాల గుంపులే కావడంతో జనం వాటిని అక్షరమాల సంస్థలనేవారు. ఆ అలవాటుతో పెరిగిన కుర్రాడు సైన్యంలో చేరాడు. అక్కడ మనిషి హోదాకూ, తిండికీ, బట్టకూ, సెలవుకూ, శిక్షకూ పొడి అక్షరాలే. అనుమతి లేకుండా శిబిరం నుంచి మాయమైతే ‘ఎవాల్’. మహిళలకు నౌకాదళంలో ప్రవేశం కల్పిస్తూ 1942లో పెట్టిన విభాగానికి ‘వేవ్స్’ అని పేరొచ్చేలా మాటలు కూర్చారు. అధికారి మీద విసుగును అధికారి భాషలోనే చెప్పడం సైనికుడికి సులువైన దారి అయింది. పైగా అందులో ఒక రక్షణ ఉంది. బూతు మాట ఒక్క అక్షరం వెనక దాక్కుంది. సార్జెంటు ముందు కూడా ‘స్నాఫూ’ అనొచ్చు. అతనికీ అర్థం తెలుసు, అయినా పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆ దాపరికమే దాన్ని బ్యారక్ గోడలు దాటించింది. బూతు మాటను పత్రికలు అచ్చు వేయవు, రేడియో పలకదు. స్నాఫూను మాత్రం వేయొచ్చు, పలకొచ్చు. 1942 జూన్‌లో ‘టైమ్’ వారపత్రిక పెట్రోలు రేషన్, రబ్బరు సేకరణ ఎంత గందరగోళంగా నడుస్తున్నాయో చెప్పడానికి ఈ మాట వాడింది. అంటే అచ్చులో కనబడిన ఏడాది లోపే అది సైన్యాన్ని వదిలి, ఇంటి ముందు కారు ఆపుకున్న మామూలు పౌరుడి కష్టానికి అంటుకుంది.

మరుసటి ఏడాది ఇంకా విచిత్రం జరిగింది. సైన్యాన్ని వెక్కిరించడానికి పుట్టిన మాటను సైన్యమే దత్తత తీసుకుంది.

కొత్తగా చేరిన లక్షల మందికి దోమతెర కట్టుకోవాలనీ, రహస్యాలు బయట పెట్టకూడదనీ, తుపాకీ శుభ్రంగా ఉంచుకోవాలనీ నేర్పాలి. వాళ్లలో చాలామందికి చదువు అంతంతమాత్రం. ఉపన్యాసాలు వినేవాళ్లు తక్కువ, కరపత్రాలు చదివేవాళ్లు ఇంకా తక్కువ. సైన్యం కోసం చిత్రాలు తీస్తున్న ప్రసిద్ధ హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా బృందం దీనికి ఒక కార్టూన్ పాత్రను ఆలోచించింది. ఏ పని చెప్పినా తప్పుగా చేసే, దళంలో అందరికంటే తెలివితక్కువ సైనికుడు. పేరు ప్రైవేట్ స్నాఫూ. ‘ప్రైవేట్’ అంటే సైన్యంలో అట్టడుగు హోదా. ఈ బొమ్మల చిత్రాలు తీసే పని డిస్నీకి కాక, తక్కువ ధరకు ఒప్పుకున్న వార్నర్ బ్రదర్స్ కార్టూన్ విభాగానికి దక్కింది. పిల్లల పుస్తకాలతో తర్వాత డాక్టర్ స్యూస్‌గా ప్రపంచమంతా తెలిసిన థియొడోర్ గైజెల్ కథలు రాసినవాళ్లలో ముఖ్యుడు. చక్ జోన్స్, ఫ్రిజ్ ఫ్రెలెంగ్ లాంటివాళ్లు దర్శకులు. బగ్స్ బన్నీకి గొంతిచ్చిన మెల్ బ్లాంకే స్నాఫూకూ గొంతిచ్చాడు.

1943 జూన్‌లో వచ్చిన మొదటి చిత్రంలో వ్యాఖ్యాత ఆ ఐదు అక్షరాలనూ విడదీసి చెబుతాడు. ‘ఆల్...’ దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ ‘ఆల్ ఫౌల్డ్ అప్’ అని ముగిస్తాడు. ఆ క్షణం ఎందుకు ఆగాడో హాలు నిండా కూర్చున్న సైనికులకు తెలుసు. ఈ చిత్రాలు సైనికులకు మాత్రమే చూపేవారు కాబట్టి మామూలు సినిమాల నియమావళి వీటికి వర్తించేది కాదు. అయినా ఆ మాటను పూర్తిగా పలకలేదు.

ఈ చిత్రాల పద్ధతి ‘స్పైస్’ అనే దానిలో బాగా కనిపిస్తుంది. ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో, ఎక్కడికి వెళుతుందో స్నాఫూకు తెలుసు. ఎవరికీ చెప్పనని ఒట్టేసుకుంటాడు. ఫోనులో ఒక ముక్క జారుతుంది, పత్రికల కొట్టు దగ్గర ఇంకో ముక్క, తాగిన మత్తులో ఒక అమ్మాయి దగ్గర మిగతాది. ఏ ఒక్క చోటా మొత్తం రహస్యం చెప్పలేదు. వినేవాళ్లు మాత్రం ముక్కలన్నీ కలుపుకున్నారు. శత్రువు జలాంతర్గాములు ఓడ కోసం కాచుకుని ఉంటాయి, స్నాఫూ నేరుగా నరకంలో తేలతాడు. నాలుగైదు నిమిషాల్లో, ప్రాస కుదిరిన తేలిక మాటల్లో, నవ్విస్తూ సాగే పాఠం ఇది. మలేరియా మీద, బూబీ ఉచ్చుల మీద, పుకార్ల మీద ఇలాంటివే మరికొన్ని తీశారు. 1945 దాకా ఇవి శిబిరాల్లో, ఓడల్లో, దీవుల్లో ఆడాయి. సైన్యంలో ఉన్నవాళ్లలో స్నాఫూ అనే పేరు వినని మనిషి దొరకడం కష్టమయ్యేంతగా ఆ మాట పాతుకుపోయింది. పసిఫిక్ యుద్ధంలో పోరాడిన యూజీన్ స్లెడ్జ్ తన అనుభవాల పుస్తకంలో రాసిన తోటి మెరీన్ ఒకతని మారుపేరే స్నాఫూ. పొడి అక్షరాలు మనిషి పేరయ్యాయి.

యుద్ధం ముగిసేసరికి సైన్యంలో ఉన్నవాళ్ల సంఖ్య 80 లక్షలు దాటింది. వాళ్లు ఊళ్లకు తిరిగి వెళ్లినప్పుడు మాట కూడా వాళ్లతో వెళ్లింది. కర్మాగారంలో, బ్యాంకులో, బడిలో ఉద్యోగాలకు కుదిరి, అక్కడ ఫైలు తప్పిపోతే స్నాఫూ అన్నారు. ఇప్పుడు అమెరికన్ పత్రికల్లో విమానాశ్రయంలో సామాను వేరే ఊరు వెళ్లిపోయినా, ఓటర్ల జాబితాలో పేర్లు తారుమారైనా అదే మాట. చిన్న అక్షరాల్లో రాస్తారు, బహువచనం చేస్తారు, క్రియగా కూడా వాడతారు. మర్యాద గల సంపాదకీయంలో సైతం ఇమిడిపోతుంది. వాడేవాళ్లలో చాలామందికి లోపల బూతు ఉందని తెలియదు.

ఈ ప్రయాణంలో అర్థం ఎలా మారిందో గమనించాలి. సైనికుడి స్నాఫూలో బరువంతా ‘మామూలే’ అన్న మాట మీద ఉంది. గందరగోళమే ఇక్కడి పద్ధతి అని అతని అభియోగం. నేటి పత్రికలో స్నాఫూ అంటే అన్నీ సవ్యంగా నడిచే చోట ఒక రోజు దొర్లిన పొరపాటు. ‘ఎప్పుడూ ఇంతే’ అన్నది కాస్తా ‘ఈసారి ఇలా అయింది’ అయిపోయింది. ఒక రకంగా అర్థం తలకిందులైంది. పొరపాటు చేసిన సంస్థే ఇప్పుడు తన ప్రకటనలో ‘చిన్న స్నాఫూ’ అని రాసుకోగలదు. దాని మీద అభియోగంగా పుట్టిన మాట దానికే సంజాయిషీగా పనికొస్తోంది. పొడి అక్షరాలు మామూలు మాటగా మారినప్పుడు ముందు పెద్ద అక్షరాలు పోతాయి, తర్వాత విడమర్చిన రూపం మరుగున పడుతుంది. స్నాఫూ విషయంలో కోపం కూడా పోయింది. ఈ నష్టాన్ని నిఘంటువులు నమోదు చేయవు.

స్నాఫూకు తోబుట్టువులు చాలామందే ఉండేవాళ్లు. ‘సుస్‌ఫూ’ అంటే పరిస్థితిలో మార్పు లేదు, ఇంకా నాశనంగానే ఉంది. ‘టార్‌ఫూ’ అంటే వ్యవహారం నిజంగానే నాశనమైంది. సైన్యం, నౌకాదళం కలిసి చెడగొడితే ‘జాన్‌ఫూ’. ఇక గుర్తుపట్టలేనంతగా ధ్వంసమైతే ‘ఫూబార్’. 1944లో వచ్చిన ఒక స్నాఫూ కార్టూన్‌లో టార్‌ఫూ, ఫూబార్ అతని అన్నదమ్ములుగా కనిపిస్తారు. వీటిలో స్నాఫూ, ఫూబార్ తప్ప మిగిలినవి యుద్ధంతో పాటే పోయాయి.

కారణాలు ఊహించడం కష్టం కాదు. స్నాఫూ ఇంగ్లిష్ నోటికి సహజంగా పలుకుతుంది. ‘స్న’ అనే జంట ధ్వనితో ఇంగ్లిష్‌లో చిక్కు పడటం, ముక్కు ఎగబీల్చడం, కసరడం లాంటి చిరాకు మాటలు అప్పటికే ఉన్నాయి. కొత్త మాట ఆ గుంపులో కలిసిపోయింది. సుస్‌ఫూ అలా కాదు, నాలుక తడబడుతుంది. టార్‌ఫూకు ఉన్న చిక్కు వేరు. స్నాఫూ కంటే అది ఒక మెట్టు ఎక్కువ, ఫూబార్ కంటే ఒక మెట్టు తక్కువ. ఆ మూడు మెట్లూ తెలిసినవాళ్ల మధ్యనే దాని అర్థం నిలుస్తుంది. సైన్యం చెదిరిపోగానే మెట్లు పోయాయి. ఫూబార్‌ను మాత్రం సినిమాలు బతికించాయి. 1998 నాటి ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో ఆ మాట అర్థం తెలియక ఒక కొత్త సైనికుడు సతమతమవుతాడు.

కంప్యూటర్ చదువుకున్న తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. ప్రోగ్రామింగ్ పాఠాల్లో ఏ పేరూ తోచని చోట foo, bar అని రాయడం ఆనవాయితీ. వాటిలో foo అన్నది 1930ల నాటి ఒక హాస్య బొమ్మల కథలోనే అర్థం లేని మాటగా ఆడేది. యుద్ధ కాలపు ఫూబార్ దానితో కలిసి foobar వాడుకకు ఊతమిచ్చిందని, 2001 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ ప్రమాణాల వరుసలో వెలువడిన RFC 3092 అనే పత్రం చెబుతుంది. సరదాకు రాసినా ఆధారాలు కూర్చిన పత్రమది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మొదటి ప్రోగ్రాము రాసే విద్యార్థి ఆ అమెరికన్ సైనికుడి బూతు పక్కనుంచే నడుస్తున్నాడు.

స్నాఫూ కింది నుంచి పుట్టిన మాట. పై నుంచి, అధికారికంగా పుట్టి మామూలు మాటలైనవీ ఉన్నాయి. రేడియో తరంగాలతో వస్తువుల జాడనూ దూరాన్నీ కనిపెట్టే పరికరానికి అమెరికా నౌకాదళం 1940లో ‘రాడార్’ అని పేరు పెట్టింది. బ్రిటిష్‌వాళ్లు అదే పరికరాన్ని ఆర్‌డీఎఫ్ అనేవారు. పలకడానికి మాటలా ఉన్నది నిలిచింది, అక్షరాల్లా ఉన్నది పోయింది.

అంతకంటే వివరంగా తెలిసిన కథ లేజర్‌ది. 1957 నవంబరులో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి గార్డన్ గూల్డ్ తన నోటు పుస్తకంలో ఒక ఆలోచన రాసుకున్నాడు. పేజీ పైన శీర్షికలోనే ‘లేజర్’ అని పెద్ద అక్షరాల్లో రాసి, పక్కన విడమర్చి చెప్పాడు: ప్రేరిత ఉద్గారం ద్వారా కాంతిని వర్ధనం చేయడం. ఆ పేజీలకు న్యూయార్క్‌లో ఒక నోటరీ చేత ముద్ర వేయించుకున్నాడు. ఆ ముద్ర తర్వాత పేటెంటు కోసం దశాబ్దాల పాటు సాగిన పోరాటంలో అతనికి పెద్ద సాక్ష్యమైంది. మాటకు అచ్చు ఇవ్వడంలో గూల్డ్ పూర్తిగా కొత్తదారి తొక్కలేదు. చార్లెస్ టౌన్స్ బృందం అంతకు ముందే మైక్రోవేవ్ తరంగాలతో అదే పని చేసి ‘మేజర్’ అని పేరు పెట్టింది. ఆ పేరులో మొదటి అక్షరం మార్చి మైక్రోవేవ్‌కు బదులు కాంతిని పెట్టాడు గూల్డ్. టౌన్స్, షాలో మాత్రం కొత్త పరికరాన్ని ‘ఆప్టికల్ మేజర్’ అనడానికే ఇష్టపడ్డారు. 1960 మే 16న థియొడోర్ మైమన్ కాలిఫోర్నియాలో మొదటి లేజర్‌ను వెలిగించాడు. కొన్నేళ్లలో ఆప్టికల్ మేజర్ అనే పేరు మరుగున పడింది.

ఆ తర్వాత జరిగినది భాషాశాస్త్రం పాఠంలో పెట్టదగ్గది. ఇంగ్లిష్‌లో పని చేసేవాణ్ని చెప్పే మాటల చివర ‘ర్’ వస్తుంది. రాసేవాడు రైటర్, పాడేవాడు సింగర్. లేజర్ చివర కూడా ‘ర్’ ఉంది. నిజానికి అది ‘రేడియేషన్’ అనే మాటకు పొడి అక్షరం. వాడేవాళ్లు దాన్ని అలా చూడలేదు. పని చేసేది లేజర్ అయితే ఆ పని ‘లేజ్’ అయి ఉండాలని తీసుకుని, లేజర్ కిరణం వెలువరించడానికి ‘లేజ్’ అనే క్రియను తయారు చేశారు. భౌతిక శాస్త్రవేత్తలు ఇప్పటికీ ‘ఈ స్ఫటికం లేజ్ అవుతుంది’ అంటారు. పొడి అక్షరాలు పూర్తిగా మాటయ్యాయనడానికి ఇంతకు మించిన గుర్తు ఉండదు. లోపల ఉన్న అక్షరాల సరిహద్దును భాష మరిచిపోయి, తన సొంత వ్యాకరణం ప్రకారం కొత్త చోట విరిచింది.

ఇలాంటి మాటలన్నీ ఇరవయ్యో శతాబ్దపు పంటే. వీటిని పిలవడానికి వాడే ‘ఎక్రోనిమ్’ అనే పదమే ఇంగ్లిష్‌లో 1940లలో స్థిరపడింది. అంతకు ముందు పొడి అక్షరాలను మాటగా పలకడం అరుదు. అందుకే పాత మాటలకు పొడి అక్షరాల పుట్టుక అంటగట్టే కథలను నమ్మకూడదు. ‘న్యూస్’ అనే మాట నాలుగు దిక్కుల పేర్ల మొదటి అక్షరాలని మన బడుల్లో కూడా చెబుతుంటారు. అది తప్పు. కొత్త సంగతులు అనే అర్థంలో శతాబ్దాల కిందటే ఉన్న మాట అది. ఓడల ఆపద సంకేతం ఎస్‌ఓఎస్‌ను ‘మా ప్రాణాలు కాపాడండి’ అని విడదీసేదీ ఇలాంటిదే. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు పంపడానికి తేలిక, వినడానికి స్పష్టం. అందుకని జర్మనీ 1905లో ఆ సంకేతాన్ని ఎంచుకుంది, మరుసటి ఏడాది అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. అర్థం తర్వాత అతికించినది.

తెలుగులో ఈ మార్పు రెండు దారుల్లో సాగింది. ఒకటి ఇంగ్లిష్ అక్షరాల పేర్లను మన సంధితో అతకడం. ఎం, ఎల్, ఏ అనే మూడు అక్షరాలను తెలుగువాడు విడివిడిగా పలకడు. ద్విత్వం చేసి, కలిపి, ‘ఎమ్మెల్యే’ అంటాడు. బహువచనం ఎమ్మెల్యేలు, గౌరవం ఎమ్మెల్యేగారు. ఇంగ్లిష్‌లో అది ఇప్పటికీ మూడు అక్షరాలే, తెలుగులో ఎప్పుడో ఒకే మాట. ‘ఎమ్మార్వో’ ఇంకా ముదిరిన ఉదాహరణ. మండలాలు ఏర్పడినప్పుడు వచ్చిన మండల రెవెన్యూ అధికారి పదవి పేరును ప్రభుత్వం తర్వాత తహసీల్దారుగా మార్చింది. పల్లెల్లో భూమి కాగితం పని పడితే జనం నేటికీ వెళ్లేది ఎమ్మార్వో ఆఫీసుకే. ‘ఎంసెట్’ కూడా అంతే. అందులో ‘ఎం’ వైద్య విద్యను సూచించేది. వైద్య ప్రవేశాలు నీట్‌కు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి పరీక్ష పేరు కూడా మారింది. తల్లిదండ్రుల నోట మాత్రం ‘మావాడు ఎంసెట్ రాశాడు’ అనే వినిపిస్తుంది. విడమర్చిన పేరు చచ్చిపోయినా మాట బతికి ఉందంటే, అది పొడి అక్షరాల స్థాయి దాటిపోయినట్టే. ‘పిన్ నంబర్’ అనడాన్ని కొందరు తప్పు పడతారు, పిన్‌లోనే నంబరు ఉంది కదా అని. పిన్ మనకు ఎప్పుడో మామూలు మాటైపోయింది కాబట్టే పక్కన నంబర్ అవసరమైంది. తప్పు పట్టాల్సిన పని లేదు.

రెండో దారి పూర్తిగా తెలుగుది. 1943లో తెనాలిలో ఏర్పడిన అభ్యుదయ రచయితల సంఘం ‘అరసం’ అయింది. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం ‘విరసం’ అయింది. ఇంగ్లిష్‌లో పొడి అక్షరాలు మాటగా పలకాలంటే హల్లుల మధ్య అచ్చులు పడే అదృష్టం కావాలి. స్నాఫూకు ఆ అదృష్టం పట్టింది, టీవీఏకు పట్టలేదు. తెలుగు అక్షరంలో అచ్చు ఎప్పుడూ వెంటే ఉంటుంది. కాబట్టి ఏ మాటల మొదటి అక్షరాలు కలిపినా నోరు తిరుగుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానాన్ని పత్రికలు ‘తితిదే’ అని రాయగలిగినది ఇందుకే. అయితే పలకడానికి వీలుండటం ఒకటి, జనం పలకడం ఒకటి. తితిదే పత్రికల శీర్షికల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, కొండకు వెళ్లే భక్తుడు టీటీడీ అనే అంటాడు. అరసం, విరసం అలా కాదు. ఆ సంఘాల వాళ్లూ, వాళ్లతో విభేదించినవాళ్లూ కూడా వాటిని రోజూ నోటితో అన్నారు. ‘విరసం’ అంటే రసహీనం అనే పాత అర్థం ఒకటి ఉన్నా, విరసం సభలు అన్నప్పుడు ఎవరికీ అది తట్టదు. శీర్షికలో చోటు కలిసొస్తుందని తయారు చేసిన మాట శీర్షికలోనే ఉండిపోతుంది. మనుషులు ఒకరితో ఒకరు పోట్లాడుకోవడానికి వాడిన మాట నిలుస్తుంది.

స్నాఫూ 1941 నాటిదని ఇంత నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే, విన్న మాటను తేదీతో సహా అచ్చు వేసిన ఒక చిన్న పత్రికే కారణం. అంతటి ఆధారం ఎమ్మెల్యే అనే కలిపిన రూపానికి గానీ, ఆర్టీసీ డిపోల్లో, రైల్వే గ్యాంగుల్లో, సింగరేణి గనుల్లో పుట్టిన పొట్టి మాటలకు గానీ మన దగ్గర లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల దగ్గరికి వెళ్లి సేద్యపు మాటలు సేకరించిన పద్ధతిలో, ఆఫీసుల, గనుల, బ్యారక్‌ల మాటలు సేకరించిన వృత్తిపదకోశం రావాలి. అది వచ్చే దాకా పాఠకులు చేయగలిగినది ఒకటుంది. మీ ఉద్యోగంలో పొడి అక్షరాల నుంచి పుట్టి, బయటివాళ్లకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే, దాన్ని విడదీసి, ఎవరు ఏ సందర్భంలో అనేవారో, మీరు ఏ ఏడాది విన్నారో రాసి పెట్టండి. రిటైరైన పెద్దలను అడిగి ఆ పని ముందు మొదలుపెట్టండి.